ఆ తల్లి ఎవరు?

హోమ్ ట్యూషన్ కరపత్రాల్లో మాట్లాడే తల్లిదండ్రులు చాలాసార్లు ఎక్కడా ఉండరు. లేని మనుషుల్ని పుట్టించకుండానే, ఇంకో తల్లికి నమ్మకం కలిగేలా ప్రకటన రాయొచ్చా? రాయొచ్చు. దానికో పద్ధతి ఉంది.

జూన్‌లో బడులు తెరిచే ముందు ఆదివారం పొద్దున పేపరు మడత విప్పితే ఒళ్లో మూడు కరపత్రాలు రాలతాయి. ఒకటి ప్లేస్కూలుది, ఒకటి యూనిఫారాల కొట్టుది, ఇంకొకటి హోమ్ ట్యూషన్‌ది. ఆ మూడోదాంట్లో నవ్వుతున్న ఓ తల్లి, పక్కన బ్యాగు తగిలించుకున్న కుర్రాడు. కింద కొటేషన్ గుర్తుల మధ్య నాలుగు ముక్కలు: “మా బాబుకి లెక్కల్లో 45 వచ్చేవి. మూడు నెలల్లో 95! థాంక్యూ సర్!” పేరు ఉండదు. ‘ఓ తల్లి, కూకట్‌పల్లి’ అని మాత్రం ఉంటుంది. రంగులు, ఊళ్లు మారినా ఇదే మూసలో వచ్చిన కాగితాలు చూడని ఇల్లు తక్కువ.

ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్న తల్లి ముందు ఫొటో చూస్తుంది, తర్వాత అంకెలు చూస్తుంది. ఆ తర్వాత కాగితం మడిచి పక్కన పెడుతుంది. ఎందుకు నమ్మలేదని అడిగితే కారణం చెప్పలేకపోవచ్చు కానీ, ఆ గొంతు తల్లిది కాదని ఆమెకు తెలిసిపోతుంది.

ఎలా తెలుస్తుందంటే, నిజంగా ట్యూషన్ పెట్టించిన తల్లి ఇరుగమ్మతో అలా మాట్లాడదు. “ముందు భయపడ్డానొదినా. ఇంటికొచ్చి గంట కూర్చుని పోతాడేమో, మన డబ్బులు పోతాయేమో అనుకున్నా. మొదటి వారం అసలు పాఠమే చెప్పలేదు, పాత పేపర్లు ముందేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు లెక్కలు ఫర్వాలేదు, సైన్సు మాత్రం అలాగే ఉంది” అంటుంది. ఇందులో ఒక సందేహం ఉంది, ఒక సంఘటన ఉంది, ఇంకా తీరని ఒక లోటు కూడా ఉంది. కరపత్రంలోని తల్లికి ఈ మూడూ లేవు. ఆమె దగ్గరున్నవి రెండు అంకెలూ ఒక థాంక్యూ మాత్రమే.

ఆ అంకెలకైనా అర్థం ఉందా అంటే, అదీ అనుమానమే. 45 ఏ పరీక్షలో వచ్చింది? 95 ఏ పరీక్షలో వచ్చింది? 20 మార్కుల స్లిప్ టెస్టులో 9 వస్తే నూటికి 45 అవుతుంది. ట్యూషన్ సార్ తానే పెట్టిన టెస్టులో 20కి 19 వస్తే 95 అవుతుంది. పేపరు వేరు, పాఠం వేరు, దిద్దిన చెయ్యి వేరు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి మధ్యలో బాణం గుర్తు వేస్తే అది పిల్లవాడి ఎదుగుదలను చూపించదు.

నాలుగు అరలు

పనికొచ్చే అభిప్రాయం ఎవరు చెప్పినా అందులో నాలుగు అరలు కనిపిస్తాయి. మొదటిది ముందున్న పరిస్థితి: ఇంట్లో ఏం జరుగుతుండేది. రెండోది సందేహం: ఫోన్ చేయడానికి ముందు ఎందుకు వెనకాడారు. మూడోది జరిగింది: ట్యూటర్ వచ్చి ఏం చేశాడు. నాలుగోది ఇప్పుడు: ఏం మారింది, ఏం మారలేదు. చదివే తల్లి తనను తాను చూసుకునేది మొదటి రెండు అరల్లో. ఫోన్ చేయాలో వద్దో తేల్చుకునేది మూడో అర చదివాక. దొంగ కరపత్రాలు మొదటి మూడింటినీ వదిలేసి నాలుగో అర నిండా మార్కులు కుక్కుతాయి.

కొత్తగా మొదలైన ట్యూషన్ సర్వీసు దగ్గర కస్టమర్లు ఉండరు. అభిప్రాయం చెప్పడానికి ఎవరూ లేరు కాబట్టి పుట్టించక తప్పదని చాలామంది అనుకుంటారు. అరలవారీగా చూస్తే ఆ అవసరం లేదని తెలుస్తుంది. నాలుగింటిలో మూడు అరల్ని కస్టమర్ లేకుండానే నిజాయతీగా నింపొచ్చు. ఏ అరలో ఎవరి గొంతు వినిపించాలన్నదే అసలు ప్రశ్న.

ముందున్న పరిస్థితిని తల్లి నోట పలికించనక్కర్లేదు. చదివేవాళ్లనే అడగొచ్చు: ‘మీ అబ్బాయి ఇంట్లో అన్ని లెక్కలూ చేసి, పరీక్షలో అవే తప్పుతున్నాడా?’ ఇక్కడ ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పడం లేదు. అవునో కాదో చదివేవాళ్లకే తెలుసు.

సందేహాల కోసం ఊహించాల్సిన పని లేదు. మొదటి రోజు నుంచీ వచ్చే ఎంక్వయిరీ ఫోన్ల దగ్గర ఒక నోటుబుక్కు పెట్టుకుంటే చాలు. చేరినవాళ్లు అడిగినవీ, చేరకుండా ఫోన్ పెట్టేసినవాళ్లు అడిగినవీ అన్నీ ఆ మాటల్లోనే రాసుకోవాలి. ‘రోజూ ఒకే సార్ వస్తారా?’, ‘మా పాపకి లేడీ టీచర్ దొరుకుతారా?’, ‘మధ్యలో మానేస్తే ఫీజు తిరిగిస్తారా?’ ఇలాంటి ప్రశ్నలే సందేహాల అర అవుతాయి. ‘మమ్మల్ని తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు’ అని శీర్షిక పెడితే, అవి నిజంగా ఆ బుక్కులో ఉండాలి. ఇంకా ఎవరూ అడగకపోతే ‘మీకు రాగల ప్రశ్నలు’ అని పెట్టాలి. తేడా రెండు మాటలే అయినా మొదటిది జరిగిన విషయం, రెండోది మన ఊహ.

జరిగింది అన్న మూడో అరలో ట్యూటర్ తన గొంతుతో మాట్లాడొచ్చు. అతను నిజమైన మనిషి, తన పని గురించి తాను చెప్పుకునే హక్కు ఉన్నవాడు. మొదటి క్లాసులో ఏం చేస్తాడు, నాలుగో క్లాసుకి ఏం చూపిస్తాడు అన్నది ‘నేను’ అంటూ రాయొచ్చు. పేరు, చదువు, ఎన్నేళ్లుగా చెబుతున్నాడు అన్నవి నిజమై ఉంటే సరిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ‘స్కూలు టీచర్లే మీ ఇంటికి వచ్చి చెబుతారు’ అని కొందరు గొప్పగా వేసుకుంటారు. ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ అంటోంది. గొప్ప కోసం వేసుకున్న ఆ వాక్యం ఆ టీచరు మెడకే చుట్టుకుంటుంది.

ఇక నాలుగో అర. ఇక్కడే ఆగాలి. ఏం మారిందో చెప్పగలిగేది ట్యూషన్ చెప్పించుకున్నవాళ్లే. వాళ్లు వచ్చేదాకా ఈ అరలో ఫలితం ఉండకూడదు. ఫలితానికి బదులు తల్లిదండ్రులు స్వయంగా సరిచూసుకోగల పద్ధతి ఒకటి పెట్టొచ్చు.

ఒక కరపత్రాన్ని తిరగరాస్తే

ఏడో తరగతి లెక్కలు చెప్పే ఒక కొత్త సర్వీసు ఉందనుకుందాం. కస్టమర్లు ఇంకా లేరు. ‘45 నుంచి 95’ కాగితానికి బదులు పై అరల్లో రాస్తే ఆ కరపత్రం ఇలా వస్తుంది:

“మీ పిల్లల లెక్కల నోటుబుక్కు ఒకసారి తీసి చూడండి. −7 + 3 అన్నచోట జవాబు −10 అని ఉందా? ఇంట్లో మీరు పక్కనుంటే సరిగ్గా చేసి, పరీక్షలో ఇలాగే రాస్తున్నారా?

నేను మొదటి క్లాసులో పాఠం చెప్పను. పాత పరీక్ష పేపర్లు రెండు తీసుకుంటాను. అందులోని తప్పులన్నీ ఒక పుస్తకంలో రాయించి, తెలియక పోయినవేవో, తొందరలో పోయినవేవో విడదీస్తాను. నాలుగో క్లాసు అయ్యాక ఆ పుస్తకం మీ చేతికిస్తాను.

మార్కులకు గ్యారంటీ ఇవ్వను. నెల తర్వాత అదే రకం లెక్కలు పది మీ ఎదుటే చేయిస్తాను. పాత పేపరు పక్కన పెట్టుకుని మీరే చూసుకోండి.

మా సర్వీసు ఈ జూన్‌లోనే మొదలైంది. తల్లిదండ్రుల అభిప్రాయాలు మా దగ్గర ఇంకా లేవు. మొదటి రెండు క్లాసులు చూసి నిర్ణయించుకోండి.”

కింద ట్యూటర్ అసలు పేరు, చదువు, ఫోన్ నంబరు. అంతే.

ఈ కాగితంలో బరువు మోసేది −10 అన్న ఆ ఒక్క జవాబే. పిల్లలు ఈ తప్పు చేసే తీరు లెక్కలు చెప్పేవాళ్లందరికీ పరిచయమే. ఏడుకి మూడు కలిపి, ముందున్న మైనస్ గుర్తు అలాగే ఉంచేస్తారు. ‘ఏడు రూపాయలు అప్పున్నావు, మూడు తీర్చావు, ఇంకెంత అప్పు?’ అని అడిగితే ‘నాలుగు’ అని తడుముకోకుండా చెప్పే పిల్లవాడే, కాగితం మీద గుర్తులు చూడగానే తడబడతాడు. నోటుబుక్కు తీసిన తల్లికి ఆ తప్పు కనబడిందంటే, ఈ ట్యూటర్‌కి తన పిల్లవాడి కష్టం ఎక్కడుందో తెలుసని అనిపిస్తుంది. పక్కింటావిడ మాట వల్ల కలిగే నమ్మకంలో సగం ఇక్కడే వచ్చేస్తుంది. ఎవరి పేరూ అరువు తెచ్చుకోలేదు.

‘అభిప్రాయాలు ఇంకా లేవు’ అన్న వాక్యం తీసేయమని డిజైన్ చేసేవాళ్లు ఒత్తిడి చేస్తారు. ఉంచాలి. చదివేవాళ్లు ‘మరి ఇదివరకు చేరినవాళ్లేమన్నారు?’ అని వెతుకుతారు. జవాబు లేకపోతే ఏదో దాస్తున్నారనుకుంటారు. ఆ వాక్యం వెంటనే ‘మొదటి రెండు క్లాసులు చూసి నిర్ణయించుకోండి’ అని ఉంది కాబట్టి, లేని సాక్ష్యం స్థానంలో వాళ్లే సాక్షులయ్యే వీలు దొరుకుతోంది. అయితే ఆ రెండు క్లాసులకూ ఫీజు ఉందో లేదో కూడా అక్కడే రాయాలి.

లలితాజీ చేసింది వేరు

ప్రకటనల్లో ఊహా పాత్రలే ఉండకూడదా అన్న అనుమానం ఇక్కడ రావాలి. 1980ల్లో దూరదర్శన్ చూసినవాళ్లకు సర్ఫ్ ప్రకటనలోని లలితాజీ గుర్తుండే ఉంటుంది. బేరమాడి, ఆచితూచి కొనే ఆ గృహిణి పాత్ర అలెక్ పదంసీ సారథ్యంలోని లింటాస్ ఏజెన్సీలో పుట్టింది. వేసింది కవితా చౌదరి అనే నటి. అది నాటకమని చూసేవాళ్లకు తెలుసు. ఫలానా కాలనీలో ఉండే నిజమైన కస్టమర్ అని ఆ ప్రకటన చెప్పుకోలేదు. చవక వస్తువుకీ మంచి వస్తువుకీ ఉన్న తేడా గురించి పాత్ర వాదించింది, ఆ వాదన సబబో కాదో తేల్చుకునే పని చూసేవాళ్లకు వదిలింది.

కూకట్‌పల్లి తల్లి అలా కాదు. ఆమె వాదించడం లేదు, జరిగిందని చెబుతోంది. ఊరు చెబుతోంది, మార్కులు చెబుతోంది. ఊహా పాత్ర ‘నాకు ఇలా జరిగింది’ అన్న మరుక్షణం దొంగ సాక్షి అవుతుంది.

ట్యూషన్ ప్రకటనలో ఊహా సంభాషణ పెట్టుకోవాలంటే దాన్ని ఈ గీత లోపల ఉంచాలి. ఉదాహరణకు, పైన ‘ఊహాజనిత సంభాషణ’ అని మిగతా అక్షరాలంత పెద్దగానే వేసి, ఇలా రాయొచ్చు:

తల్లి: సార్, మావాడు ఇంట్లో అన్నీ చేస్తాడు. పరీక్షలోనే పోతున్నాయి.

టీచర్: ఇంట్లో చేసేటప్పుడు పక్కన ఎవరుంటారమ్మా?

తల్లి: నేనే ఉంటాను. ఎక్కడ ఆగినా అందిస్తుంటాను.

టీచర్: అయితే మొదటి క్లాసప్పుడు మీరు పక్క గదిలో ఉండండమ్మా. బాబు ఎక్కడ ఆగుతున్నాడో ఆ చోటు నేను చూడాలి.

ఇందులో మార్కులు లేవు, ఊరు లేదు, ఫొటో లేదు, ఫలితం లేదు. ట్యూటర్ ఎలా ఆలోచిస్తాడన్నది మాత్రం ఉంది. ఇలాంటివి రాశాక ఒక ప్రశ్న వేసుకుంటే గీత దాటామో లేదో తెలుస్తుంది. ‘ఈవిడతో ఒకసారి మాట్లాడొచ్చా?’ అని ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెబుతాం? ‘అది ఊహించి రాసిందండీ, పైనే వేశాం’ అని తడబడకుండా చెప్పగలిగితే ఆ రాత నిలుస్తుంది. ‘ఆవిడ ఊళ్లో లేరండీ’ అని నసగాల్సి వస్తే అచ్చుకి పంపకూడదు.

చట్టం ఏమంటోంది

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచించింది. సేవల ప్రకటనలూ అందులోకే వస్తాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటి తప్పుకి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలో వినిపించే అభిప్రాయం చెప్పినవాళ్ల నిజమైన అభిప్రాయమై ఉండాలి. ఆ సేవ గురించి వాళ్లకు తగినంత సమాచారమో అనుభవమో ఉండాలి. ప్రకటనదారుతో వాళ్లకు లావాదేవీ ఏమైనా ఉంటే అది బయటపెట్టాలి.

2024 నవంబరు 13న కోచింగ్ రంగానికి విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలోని కోచింగ్ నిర్వచనంలో ట్యూషన్ అన్న మాటా ఉంది. విజయం సాధించిన విద్యార్థి పేరు, ఫొటో, అభిప్రాయం వాడాలంటే ఫలితం వచ్చిన తర్వాత రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. చేరేటప్పుడే ఫారంలో సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఆ విద్యార్థి ఏ కోర్సు, ఎంతకాలం చదివాడో కూడా చెప్పాలి. ఈ షరతు ఎందుకు వచ్చిందో తెలిస్తే దాని విలువ అర్థమవుతుంది. సివిల్స్ విజేతల ఫొటోలు వేసుకున్న కొన్ని సంస్థల్లో ఆ విజేతలు తీసుకున్నది ఇంటర్వ్యూ శిక్షణ ఒక్కటే. రాత పరీక్షల గట్టు వాళ్లు సొంతంగానో మరోచోటో దాటారు. ఫొటో నిజం, ర్యాంకు నిజం, కానీ చూసినవాళ్లకు కలిగిన అభిప్రాయం అబద్ధం. మార్గదర్శకాలు వెలువడేనాటికే 18 కోచింగ్ సంస్థలకు కలిపి 54.60 లక్షల రూపాయల జరిమానా పడింది.

కాబట్టి నిజమైన కస్టమర్ దొరికినా పని అయిపోలేదు. ఆమె మాటను ఎలా తీసుకుంటున్నామన్నది కూడా అంతే ముఖ్యం.

నిజమైన మాట దొరికినప్పుడు

ఆగస్టు గడిచేసరికి ఆ కొత్త సర్వీసులో పన్నెండు మంది పిల్లలు చేరారనుకుందాం. ఇప్పుడు నాలుగో అర తెరవొచ్చు. ‘మా సర్వీసు ఎలా ఉందండీ?’ అని అడిగితే ‘బాగుంది సార్’ అంటారు. అది కరపత్రానికి పనికిరాదు. అరలవారీగా అడగాలి. మాకు ఫోన్ చేసే ముందు ఏ విషయంలో వెనకాడారు? మొదటి వారంలో మీకు విచిత్రంగా అనిపించినదేమిటి? ఇంట్లో మీ కంటికి కనబడిన మార్పు ఒక్కటి చెప్పండి. ఇంకా మారనిది ఏది? ఎలాంటి పిల్లలకు మా పద్ధతి పడదంటారు? చివరి రెండు ప్రశ్నలు అడగడానికి ధైర్యం కావాలి. వాటికి వచ్చే జవాబులే మిగతా మాటలకు బలం ఇస్తాయి.

జవాబులు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా తీసుకుంటే ఎవరి మాట వాళ్ల యాసలోనే మిగులుతుంది. పాడయ్యేది తర్వాత, రాతలోకి దించేటప్పుడు. “ఇప్పుడు లెక్కల పుస్తకం తియ్యమంటే ఏడవట్లేదు సార్” అని ఒక తల్లి అందనుకోండి. దాన్ని ‘నా బిడ్డలో ఆత్మవిశ్వాసం పెరిగింది’ అని మార్చేవాళ్లు మంచి చేస్తున్నామనుకుంటారు. ఏడవకపోవడం ఆమె కళ్లతో చూసిన విషయం. ఆత్మవిశ్వాసం ఆమె అనని మాట. నియమం ఒకటే పెట్టుకోవాలి: పొడవు తగ్గించొచ్చు, మాట చేర్చకూడదు. తగ్గించాక మిగిలింది ఆమెకే పంపి ‘ఇది మీ మాటేనా అమ్మా?’ అని అడిగి, సరేనన్నాకే అచ్చుకి పంపాలి.

అనుమతిని కూడా నాలుగు వాక్యాల్లో తేల్చొచ్చు. ఏ మాటలు వాడుతున్నారు, ఎక్కడ వాడుతున్నారు, ఎంతకాలం వాడతారు, వద్దంటే ఎప్పుడు తీసేస్తారు. పిల్లల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివాళ్లందరూ పిల్లలే, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరం. హోమ్ ట్యూషన్ ప్రకటనకు పిల్లవాడి పేరు, ఫొటో, స్కూలు ఏవీ అక్కర్లేదు. ‘ఏడో తరగతి అబ్బాయి తల్లి’ అంటే చాలు. మార్కులు తక్కువ వచ్చిన సంగతి వీధంతా చదివే కాగితంలో పేరుతో సహా పడితే, రేపు బడిలో ఆ పిల్లవాడిని నలుగురూ ఏమంటారో ఆలోచించాలి.

మాట ఇచ్చినందుకు ఆ నెల ఫీజులో తగ్గింపు ఇస్తే, ఆ సంగతి మాట పక్కనే వేయాలి. పన్నెండు మందిలో ఒక్కరికే బాగా మార్పు వచ్చి ఉంటే, ఆ ఒక్కరి మాటే వేసి ఊరుకోకూడదు. ‘పన్నెండు మందిలో ఏడుగురు నెలాఖరు పది లెక్కల్లో మునుపటికన్నా బాగా చేశారు, ముగ్గురిలో తేడా లేదు, ఇద్దరు మానేశారు’ అని ఉన్నది ఉన్నట్టు వేస్తే, అదే పత్రంలోని తల్లి మాట ఏ స్థాయిదో చదివేవాళ్లకు తెలుస్తుంది. ఈ లెక్క వేయాలంటే మానేసినవాళ్లనీ లెక్కలో ఉంచాలి. వాళ్లని వదిలేసి మిగిలినవాళ్లనే లెక్కపెడితే మళ్లీ ‘45 నుంచి 95’ దారే.

ఇంకో పొరపాటు ప్రెస్సులో జరుగుతుంది. డిజైన్ చూపించడానికి ఖాళీ చోట ‘రమ్య, గృహిణి’ అని ఏదో ఒక పేరు, రెండు పొగడ్తలు నమూనాగా పెడతారు. హడావుడిలో ఎవరూ మార్చరు, వెయ్యి కాపీలు అచ్చవుతాయి. ఎవరూ మోసం చేయాలనుకోలేదు, అయినా లేని మనిషి సాక్ష్యం ఇంటింటికీ చేరింది. దీనికి మందు తేలిక. నమూనాలో పేరు పెట్టకుండా ‘ఇక్కడ తల్లి లేదా తండ్రి మాట, అనుమతి తీసుకున్న తేదీ’ అని పెట్టించాలి. మర్చిపోయి అచ్చయినా అది ఖాళీగానే కనబడుతుంది, అబద్ధంగా కాదు.

దసరా సెలవుల తర్వాత ఆ సర్వీసు రెండో కరపత్రం వేస్తుంది. −7 + 3 అలాగే ఉంటుంది. ‘అభిప్రాయాలు ఇంకా లేవు’ అన్న వాక్యం ఉన్నచోట ఇప్పుడు ఏడో తరగతి అబ్బాయి తల్లి మాట ఉంటుంది: లెక్కల పుస్తకం తియ్యమంటే ఏడవట్లేదని, సైన్సు మాత్రం ఇంకా అలాగే ఉందని. దాని వాయిస్ మెసేజ్, ఆమె ‘సరే’ అన్న జవాబు, అచ్చయిన కాగితం కాపీ ఒకటి, మూడూ ఒకే ఫైల్లో. ఆవిడతో మాట్లాడొచ్చా అని ఎవరైనా ఫోన్ చేస్తే, ‘ఉండండి, ఆమెను అడిగి చెబుతాను’ అంటాడు ట్యూటర్.